సగం దగ్గర ఆగని వేడి

పెద్దక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. జీవరసాయన విభాగంలో చేరినప్పుడు ఆవిడే అందరికంటే చిన్నది, బక్కపలచగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. అయినా పెద్దక్కే. వేడి కొలిచే కెలోరీమీటరు గదిలో ఎవరైనా గట్టిగా తలుపేస్తే చాలు, పెద్దక్క ఒక్క చూపు చూసేది. ఆ చూపుకి ప్రొఫెసర్లు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారని చెప్పుకునేవారు. అందులో అబద్ధం పాలు కాస్త ఉండొచ్చు గానీ మరీ ఎక్కువ లేదు.

ఇంట్లో ఆవిడ భర్తకి ఒకటే దెప్పు. ఆయన బస్సు నడిపేవాడు. "మా ఆవిడకి మొగుడు కంటే ఆ డబ్బా ఎక్కువ. నాకు జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది, దానికి జ్వరమొస్తే సెలవు పెడుతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దక్క మూతి ముడుచుకునేది గానీ కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ డబ్బా, అదే కెలోరీమీటరు సంగతి చెప్పాలి. పైకి చూస్తే ఏముంది, మసిబారిన బీరువా ముక్క. లోపల మాత్రం రెండు చిన్న గిన్నెలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఒకదానిలో వట్టి నీళ్లు. రెండోదానిలో ప్రోటీను ద్రావణం. పైనుంచి ఒక సూది దిగి గిరగిరా తిరుగుతూ కలుపుతుంది, మధ్యమధ్య ఒక్కో బొట్టు మందు వదులుతుంది. మందు అణువు ప్రోటీనుని పట్టుకున్నప్పుడల్లా రవంత వేడి పుడుతుంది. యంత్రం పని రెండు గిన్నెల్నీ ఒకే వెచ్చదనంలో ఉంచడం. అందుకని వేడి పుట్టిన గిన్నెకి తన సెగ తగ్గిస్తుంది. ఎంత తగ్గించిందో తెరమీద ఒక లోయగా గీస్తుంది. అందరూ దాన్ని శిఖరం అంటారు, అది చూస్తే తలకిందులుగా ఉంటుంది. "మన విభాగంలో తిన్నగా ఉన్నదేదైనా ఉందా, ఇదొక్కటి ఉండటానికి" అనేవారు ఆ ప్రయోగశాల నడిపిన మేష్టారు.

మేష్టారే పెద్దక్కకి ఆ లోయలు చదవడం నేర్పారు. గిన్నెలో బుడగ చేరితే తెరమీద ఎలా కనపడుతుందో, ద్రావణంలోంచి గాలి ముందే ఎందుకు లాగేయాలో, ప్రోటీనుని తిత్తిలో కట్టి నానబెట్టిన ఉప్పునీటిలోనే మందునీ ఎందుకు కరిగించాలో, లేకపోతే నీళ్లూ నీళ్లూ కలిసిన వేడే పట్టులాగా కనపడి మనల్ని ఎలా వెర్రివాళ్లని చేస్తుందో, అన్నీ ఆయనే చెప్పారు. సూది కొసన నిలబడి ఊరిన మొదటి చిన్న బొట్టుని లెక్కలోంచి తీసేయమన్నారు. ఆ రోజుల్లో ఇద్దరూ తెరముందు కూర్చుని టీ చల్లారిపోతున్నా తాగకుండా చూసేవారు. మొదట్లో లోయలు లోతుగా పడతాయి. ప్రోటీనులో ఖాళీ చోట్లు నిండేకొద్దీ చిక్కిపోతాయి. చివరికి మందు ఉత్తినే నీళ్లలో కలిసిన చిన్న గీతలు మిగులుతాయి. లోయల వైశాల్యాలు కట్టి గీస్తే ఒక వంపు వస్తుంది. వంపు ఎత్తు వేడి చెబుతుంది, ఎంత నిటారుగా ఉంటే పట్టు అంత గట్టిదని చెబుతుంది, నడుము ఎక్కడ పడిందో చూస్తే ఒక ప్రోటీనుకి ఎన్ని మందు అణువులో తెలుస్తుంది. ఎంత హాయిగా ఉండేవో ఆ రోజులు! పెద్దక్క ఇప్పటికీ టీ వాసన తగిలితే ఆ గది గుర్తొస్తుందంటుంది.

మేష్టారి ప్రోటీనుకి నడుము ఎప్పుడూ సగం దగ్గర పడేది. ఒకసారి కాస్త ఇటు, ఒకసారి కాస్త అటు, సుమారుగా సగమే. అంటే రెండు ప్రోటీన్లు చేతులు కలిపి ఒక్క మందు అణువుని పట్టుకుంటున్నాయన్నమాట. మేష్టారు దాన్ని లోకానికి చెప్పారు. పుస్తకాల్లో ఎక్కింది. విద్యార్థులు ఆయనకి 'జంట మేష్టారు' అని పేరు పెట్టారు. ఆయనకి తెలుసు, వినపడనట్టు నటించేవారు, లోలోపల మురిసిపోయేవారు.

ఇప్పుడు మేష్టారు రిటైరై చాలా కాలమైంది. గుండె బలహీనపడింది. అయినా రోజూ వచ్చి కెలోరీమీటరు గదిలో కుర్చీలో కూర్చునేవారు. ఆ యంత్రాన్నీ తీసేయబోతున్నారు, కొత్తది వచ్చేసింది. సరిగ్గా అప్పుడే వేరే చోటి ప్రయోగశాల ఒకటి అదే ప్రోటీను, అదే మందు తీసుకుని కొలిచి, నడుము ఒకటి దగ్గర పడిందని ప్రకటించింది. జంటా లేదు, గింటా లేదు, ఒకటికి ఒకటి.

మేష్టారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత పెద్దక్క దగ్గరికొచ్చి, మన పాత యంత్రం మీద, నీ చేత్తో, నా ముందు చెయ్యమన్నారు. ఇంకెవరు చేసినా నమ్మనన్నారు.

ఆ సాయంత్రమే ఆయన కూతురు పెద్దక్కని వరండాలోకి పిలిచింది. బ్యాంకులో పని చేస్తుంది, మాట మెత్తన. నాన్న గుండె సంగతి డాక్టరు ఏం చెప్పాడో చెప్పింది. ఆయన జీవితమంతా ఆ సగమే అక్కా, నాన్న ఎప్పుడూ వాడిన ఆ పాత సీసాలోని ప్రోటీనే వాడి చేసెయ్యండి, వచ్చేది వస్తుంది, అందులో అబద్ధమేముంది, అంది.

నిజమే, అబద్ధమేమీ లేదు. పాత సీసా ఫ్రీజర్‌లో ఇంకా ఉంది. దానితో చేస్తే సగమే వస్తుంది, పెద్దక్కకి ఆ సంగతి ఖాయంగా తెలుసు. ఎందుకొస్తుందో కూడా అనుమానం మొదలైంది. అప్పట్లో ఆ ప్రోటీను తీయడమంటే తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని ఒకేసారి పెద్ద సీసా నిండా తీసి గడ్డకట్టించేవారు. కావలసినప్పుడు సీసా మొత్తం కరిగించి కొంచెం తీసుకుని, మిగిలింది మళ్లీ గడ్డకట్టించేవారు. అది వాళ్ల ఇంటి ఆచారం లాంటిది, ఎవరూ ఎందుకని అడగలేదు. గడ్డకట్టి కరిగి, గడ్డకట్టి కరిగి కొంత ప్రోటీను ముడుచుకోవాల్సిన తీరు మరిచిపోయి చచ్చి ఉంటే? మోతాదు చూసే కాంతి పరీక్షకి బతికినదీ చచ్చినదీ ఒకటే. సగం పీనుగులు కూడా తలల లెక్కలో చేరిపోతాయి.

పెద్దక్కకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇదేం ఖర్మ, ముందు నుయ్యి వెనక గొయ్యి అనుకుంది. భర్త ఏమైందని అడిగితే కసిరింది. చివరికి కొత్త ప్రోటీను తానే తీసింది. ఫ్రీజర్ ముఖం చూపించకుండా చల్లగా ఐసు మీదే ఉంచింది.

ఆ రోజు పొద్దున్నే మేష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. పెద్దక్క ముందు పాత సీసాలోది పెట్టింది. లోయలు లోతుగా పడ్డాయి, తొందరగానే చిక్కిపోయాయి. వంపు గీస్తే నడుము సగం దగ్గర. మేష్టారి ముఖం చూడాలి అప్పుడు! పెళ్లికొడుకు కూడా అంత వెలగడు. చూశావా, నేను చెప్పలా, అని కుర్చీ చేతుల మీద కొట్టారు. కర్ర తీసుకుని లేచారు. కూతురు మధ్యాహ్నం దాటాక వస్తానంది, ఈలోపు క్యాంటీనులో కూర్చుంటానన్నారు.

పెద్దక్క ఊరుకుంటే అయిపోయేది. ఆయన తలుపు దాకా వెళ్లారు.

"మేష్టారూ, ఇంకొకటి ఉంది" అంది.

ఆయన వెనక్కి తిరిగి చూసి, వచ్చి కూర్చున్నారు. ఆవిడ గిన్నె కడిగింది, మళ్లీ కడిగింది. కొత్త ప్రోటీను అదే మోతాదులో నింపింది, అదే మందు సూదిలో పెట్టింది. లోయలు మొదలయ్యాయి. పొద్దున లోయలు చిక్కిపోవడం మొదలైన చోటుకి వచ్చారు. ఇక్కడ చిక్కలేదు. మరో బొట్టు, అంతే లోతు. మరోటి, అంతే. మేష్టారు ముందుకి వంగారు. ఆయనకి వంపు గీసి చూపించనక్కర్లేదు. ఆ లోయలు అలా పడుతూనే పోయి, పొద్దున ఆగినచోటికి రెండింతల దూరాన గానీ చిక్కలేదు.

"ఇది ఎప్పుడు తీసింది?" అన్నారు ఆయన.

మొన్న తీశానని, ఒక్కసారి కూడా గడ్డకట్టించలేదని చెప్పింది. ఆయన ఫ్రీజర్ వైపు చూశారు. పెద్దక్క ఆయనకేమన్నా అయితే తన చేత్తో చంపినట్టే అనుకుంది.

"మనం ప్రతిసారీ సీసా మొత్తం కరిగించేవాళ్లం కదూ" అన్నారు మేష్టారు మెల్లగా.

"అవును మేష్టారూ."

"వేడి ఎంతొచ్చింది? పట్టు ఎంత?"

పెద్దక్క రెండు వంపుల లెక్కలూ పక్కపక్కన పెట్టింది. మందు అణువు ఒక్కొక్కటి ఇచ్చే వేడి రెండింటిలోనూ ఒకటే. పట్టు కూడా ఒకటే, ఆయన వయసులో ఉన్నప్పుడు అచ్చువేయించిందే. బతికున్న ప్రోటీన్లు అప్పుడూ ఇప్పుడూ ఒకే గట్టితనంతో పట్టుకున్నాయి. తలల లెక్క ఒక్కటే తప్పింది. ఆయన ఆ అంకెల్ని వేలితో తడిమి చూశారు, తెర మీద మరక పడింది. పెద్దక్క ఇంకెవరినైనా అయితే కరిచేసేది.

తర్వాత ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు. చప్పుడు లేకుండా, పసివాడిలా. పెద్దక్క కూడా ఏడ్చింది. యంత్రం తన పాటికి తను గుయ్యిమంటూ ఉంది.

కూతురు వచ్చేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఒక్క చూపుకే ఆమెకి అర్థమైపోయింది. పెద్దక్క వైపు తిరిగి, నోరు తెరిచి చెప్పుకున్నాను కదా అక్కా, ఇంత పని చేశారేం, అంది. పెద్దక్క తల వంచుకుంది.

మేష్టారు కర్ర ఊతగా లేచారు.

"దాన్నేమీ అనకు. పొద్దున్న సగం చూపించి ఇంటికి పంపేస్తే హాయిగా పోయేవాణ్ణి. నేను పోయాక ఇది ఆ రెండో ప్రయోగం చేసేది. దీని సంగతి నాకు తెలీదూ, చెయ్యకుండా ఉండలేదు. అప్పుడు ఆ తప్పు ఒప్పుకోడానికి నేను ఉండేవాణ్ణి కాదమ్మా, నా వెనకాల ఇంకెవరో ఒప్పుకునేవాళ్లు."

కూతురు తండ్రి భుజం కింద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి మెల్లగా తప్పించి, మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. పెద్దక్కని కాగితం తెమ్మన్నారు.

"రాయి. మొదటి మాట, ఒకటికి ఒకటి. రెండో మాట, ఇన్నాళ్లూ సగమని చెప్పింది నేను. కింద నా సంతకం. నేనింకా ఇక్కడే ఉన్నాను కదా."