శోభకు మూడు గేములే

జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కహ్కషాన్ లెక్కలు చెబుతుంది. ఆమె తండ్రి ఫకీర్ అహ్మద్ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. బడిలో రెండు డెస్కులు కలిపి, మధ్యన ఇటుకలు వరసగా పేర్చి టేబుల్ టెన్నిస్ నేర్చుకున్న పిల్ల, పందొమ్మిదేళ్లకే జిల్లా జట్టులోకి వెళ్లింది. మిక్స్‌డ్ డబుల్స్‌లో జగపతి ఆమెకు జోడీ. ఆరేళ్లు కలిసి ఆడారు. ఇరవై ఆరో ఏట మోకాలు పోయింది. దవాఖానలో ఆపరేషను అయ్యాక, ఇక ఆడొద్దని డాక్టరు చెప్పిన రోజు ఆమెను ఇంటికి తీసుకొచ్చింది కూడా జగపతే.

ఆడలేకపోయినా బల్లను వదిలిపెట్టలేదు. అంపైరు పరీక్ష రాసింది. సాయంత్రాలు క్లబ్బులో కూర్చుని పిల్లల ఆట రాసుకునేది. ఎవరు గెలిచారో రాసి ఊరుకునే రకం కాదు. ప్రతి పాయింటూ రాసేది: సర్వీసు ఎవరిది, ఎవరు కొట్టారు, ఎక్కడ పోయింది. మగపిల్లలు నవ్వుకునేవాళ్లు. ఆమె పట్టించుకోలేదు. జగపతి మాత్రం నవ్వేవాడు కాదు. అప్పటికి అతడు మూడు జిల్లాల ఉమ్మడి సంఘానికి కార్యదర్శి అయ్యాడు.

శోభ దేవరుప్పుల దగ్గరి తండా పిల్ల. జనగామలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. పన్నెండేళ్ల వయసులో మొదటిసారి బ్యాటు పట్టుకున్నప్పుడు దాన్ని పారలా పట్టుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి క్లబ్బులో ఆడపిల్లల్లో ఆమెకు ఎదురు నిలిచేది ఒక్క ప్రమీలే. ప్రమీల జగపతికి మేనకోడలు. మంచి ఆటగత్తె. ఇద్దరూ స్నేహితులు. రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు ఒకరితో ఒకరు ఆడుతుంటే కహ్కషాన్ పక్కన కూర్చుని రాసేది.

ఆ ఎండాకాలంలో ఒక ఆదివారం జగపతి ఆమె ఇంటికి వచ్చాడు. కహ్కషాన్ తల్లి కుబ్రా బీ చాయ్ పెట్టి ఇచ్చింది.

"చెల్లె, ఒక పని పడ్డది," అన్నాడు. "సెలెక్షన్ మ్యాచులు అయిదు గేములెందుకు, మూడు చాలంటున్నరు కొందరు. మీటింగుల నేను అయిదు కోసం కొట్లాడాలె. ఉత్త మాటలతోని కాదు, లెక్క కావాలె. నీ తాన శోభ, ప్రమీల పాయింట్లున్నయి కద?"

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్లకు తన రాతకొక పని దొరికింది.

"జర కూసో అన్నా," అని కాగితం తీసింది. "వెయ్యిన్నూట నలభై పాయింట్లు ఆడిన్రు ఇద్దరు. శోభ గెలిచింది ఆరువందల ఇరవై ఏడు. అంటె నూటికి యాభై అయిదు."

"అంతేనా? పెద్ద ఫరకేం లేదు గద."

"అదే చూడు మరి. పదకొండు పాయింట్ల గేములకు పోయేసరికి గా యాభై అయిదే అరవై ఎనిమిది అయితది. చిన్న బలం ఆట పొడుగైతాంటె పెరుగుతది. ఇగ మూడు గేముల మ్యాచ్ చూడు. రెండు గెలవాలె. వరసగ రెండు గెలిచుడు నూటికి నలభై ఆరు. నడుమ ఒకటి ఓడి రెండు గెలిచుడు ముప్పై. మొత్తం డెబ్బై ఆరు. అంటె దగ్గర దగ్గర శోభ మూడు గెలిస్తె ప్రమీల ఒకటి."

"అయిదు గేములైతే?"

"మూడు గెలవాలె. మూడుకు మూడు గెలిచుడు ముప్పై ఒకటి, మూడు-ఒకటి అయ్యేది ముప్పై, మూడు-రెండు అయ్యేది పందొమ్మిది. కలిపితే ఎనభై. చుక్క తర్వాత మిగిలిన ముక్కలు గూడ కలుపుకుంటె ఎనభై ఒకటి. నాలుగుకు ఒకటి కన్న ఎక్కువనే. ప్రమీల గెలిచేది ఇరవై నాలుగు కెళ్లి పందొమ్మిదికి పడిపోతది. గట్టి ఆటగాళ్లకు పొడుగు మ్యాచే మేలు."

ఆమె నిజాయితీగా ఇంకో మాట కూడా చేర్చింది. ప్రతి పాయింటుకూ బలం ఒకేలా ఉంటుందని అనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. భయపడిన రోజు, జ్వరం వచ్చిన రోజు వేరు. ఆ యాభై అయిదు కూడా అసలు యాభై మూడో యాభై ఏడో కావచ్చు. జగపతి తల ఊపాడు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఆకుపచ్చ సిరాతో రాసిన కాగితం అది.

ఆగస్టులో ఉమ్మడి జట్టు సెలెక్షన్స్ భూపాలపల్లిలో పెట్టారు. ఆడపిల్లల జట్టులో ఒకే చోటు మిగిలింది. దానికి శోభ, ప్రమీల ఆడాలి. వారం ముందు అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది: సమయాభావం వల్ల మ్యాచులన్నీ మూడు గేములే.

శోభ క్లబ్బుకు వచ్చి అడిగింది. "మేడం, మూడే అంట. షటిల్ల గూడ మూడే ఆడ్తరు కద, ఏం ఫరక్ పడ్తది?"

"పడ్తది బిడ్డ. షటిల్ల ఒక్కొక్క గేము ఇరవై ఒకటి దాక పోతది. గదే యాభై అయిదు బలానికి ఆడ ఒక గేము గెలిచేది డెబ్బై నాలుగు, మూడు గేముల మ్యాచ్ ఎనభై మూడు. మన గేము పదకొండుకే అయిపోతది. అందుకే మనకు అయిదు కావాలె."

శోభ ఆ అంకెలను మనసులో పెట్టుకోలేదు. "సరే మేడం, మూడిట్లనే కొడ్త," అని నవ్వి వెళ్లింది.

కహ్కషాన్ జగపతికి ఫోన్ చేసింది. "ఏం జెయ్యాలె చెల్లె, హాలు సగం రోజుకే ఇచ్చిన్రు. నేను శానా చెప్పి చూసిన," అన్నాడతడు. గొంతులో బాధ ఉంది. పాపం, కొట్లాడి ఓడిపోయాడు కాబోలనుకుంది. ఇంకాస్త ఎక్కువ లెక్కలు రాసి ఇవ్వాల్సిందని తననే తిట్టుకుంది.

భూపాలపల్లి హాలులో రెండు బల్లలు వేశారు. శోభ మ్యాచుకు కహ్కషాన్‌ను అంపైరుగా పెట్టలేదు, ఒకే క్లబ్బు అని. గోడవారన కూర్చుంది. శోభ తండ్రి రాంజీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి గేము ఎనిమిది-పదకొండుతో పోయింది. శోభ చేయి ఇంకా కుదురుకోలేదు. రెండోది పదకొండు-ఆరుతో సునాయాసంగా గెలిచింది. ఇక దారిలో పడిందనుకున్నారు. మూడోది తొమ్మిది-తొమ్మిది దాకా వచ్చింది. ప్రమీల ఒక సర్వీసు అంచుకు వేసింది. తరువాతి బంతిని శోభ తొందరపడి కొడితే నెట్‌కు తగిలింది. అయిపోయింది. మొత్తం లెక్కేస్తే ఇద్దరికీ ఇరవై ఎనిమిదేసి పాయింట్లు. ప్రమీల వచ్చి శోభను కౌగిలించుకుని ఏడ్చింది. ఆ పిల్లకేమీ తెలియదు.

పన్నెండున్నరకే అన్ని మ్యాచులూ ముగిశాయి. హాలు ఊడ్చడానికి చత్రు అనే వాచ్‌మన్ వచ్చాడు.

"అప్పుడే అయిపాయెనా మేడం? రాత్రి ఏడింటి దాక మీకే రాసి పెట్టిన్రు గద," అన్నాడు.

కహ్కషాన్ నేరుగా జగపతి కూర్చున్న చోటికి నడిచింది. అతడు స్కోరుషీట్లు సర్దుతున్నాడు. ముందున్న ఫైలు తెరిచి ఉంది. అందులో ఆకుపచ్చ సిరా కాగితం. ఇరవై నాలుగు అన్న అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, దాని పక్కన జగపతి రాతలో ఒకే పేరు: ప్రమీల.

"అన్నా," అంది. కాగితం వైపు వేలు చూపింది.

అతడు ఫైలు మూశాడు. మూయడానికి తొందరపడలేదు. "రూలు తప్పిన్నా చెల్లె? మూడు ఆడించొద్దని యాడ రాసున్నది?"

"హాలు సగం రోజుకే అంటివి. అయిదు కోసం కొట్లాడ్త అంటివి."

"నీ లెక్క తప్పా? నిజమే కద. నేను నిజాన్నే వాడుకున్న. పిల్ల ఆడి గెలిచింది. నేనేం పాయింట్లు ఇయ్యలె."

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఆమెను కోసింది. ఇరవై నాలుగు అంటే ప్రమీల గెలవలేదని కాదు. నాలుగు మ్యాచుల్లో ఒకటి ఎలాగూ ప్రమీలదే. అయిదు గేములు పెట్టి ఉన్నా, ఒకటి-రెండుతో వెనకబడిన శోభకు అక్కడి నుంచి మిగిలేది నూటికి నలభై ఆరే. ఒక్క ఓటమిని పట్టుకుని ఎవరూ దేనినీ రుజువు చేయలేరు. ఆమె లెక్కల టీచరు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ తన వాకిట్లో చాయ్ తాగుతూ తన చేత రాయించుకున్నప్పుడే అతడి మనసులో ఆ పేరు ఉంది.

తిరుగు బస్సులో శోభ కిటికీ పక్కన కూర్చుంది. పరకాల దాటాక కహ్కషాన్ అంతా చెప్పింది. దాచవచ్చు. దాచలేకపోయింది.

శోభ ఇటు తిరిగి అడిగింది. "మరి గా కాగితం మీరే ఇచ్చిన్రా?"

"నేనే బిడ్డ. నీకు మంచి జరుగుతదనుకున్న."

"ఓడితే బాధ లేదు మేడం. రేపు గెలుస్త. నా ఒక్కొక్క పాయింటు మీరు రాసుకుంటాంటె నా కోసమే అనుకున్న. నన్ను అడగకుండ ఇంకొకళ్ల చేతుల ఎట్ల పెట్టిన్రు?"

రాంజీ వాళ్ల భాషలో కూతురిని ఏదో మందలించాడు. శోభ తల తిప్పుకుంది. జగపతి చేసింది ఒక ద్రోహం. ఈ పిల్ల కళ్లలో తానూ అదే వరసలో నిలబడింది.

రాష్ట్ర సంఘానికి ఆమె ఉత్తరం రాసింది. గేముల సంఖ్య నిర్వాహకుల ఇష్టమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అంపైర్ల జాబితా నుంచి తన పేరు తీసేయించుకుంది. ఆ తరువాత ఎవరూ ఊహించని పని చేసింది. నవంబరులో మహబూబాబాద్‌లో ఆటగాళ్ల తల్లిదండ్రులు కూడినప్పుడు బోర్డు దగ్గర నిలబడి, ఆ లెక్క మొదటి నుంచి చివరిదాకా వేసి చూపింది. "ఇది నేనే చేసిచ్చిన. ఎవరి చేతుల వడ్డదో, ఎందుకు వాడిన్రో మీకు తెలవాలె," అంది. శోభ, ప్రమీలల పేర్లు మాత్రం ఎత్తలేదు. జగపతి వెనక వరసలో కూర్చుని విన్నాడు. లేచి వెళ్లలేదు, ఎదురూ చెప్పలేదు. బొగ్గుబావిలో పనిచేసే ద్వాళి అనే తండ్రి ముందుగా చేయి ఎత్తాడు, సెలెక్షన్స్ ఇకపై అయిదు గేములే ఉండాలని. మిగతావాళ్లూ ఎత్తారు. చివరికి ఆ తీర్మానం మీద సంతకం పెట్టింది కార్యదర్శి హోదాలో జగపతే.

మరుసటి ఏడు శోభ మహబూబాబాద్‌లో డిగ్రీలో చేరి అక్కడి క్లబ్బు తరఫున ఆడింది. సెలెక్షన్‌లో మూడు-ఒకటితో గెలిచి జట్టులోకి వెళ్లింది. ఆ సంగతి కహ్కషాన్‌కు రాంజీ ఫోన్ చేసి చెప్పాడు. "ఫోను పిల్లకు ఇయ్యమంటవా అమ్మా?" అని అడిగాడు. వెనకనుంచి ఏదో మాట వినబడింది. "ఇప్పుడు తీరిక లేదంటాంది," అన్నాడు రాంజీ ఇబ్బందిగా.

"పర్వాలేదన్నా. బాగ ఆడిందని చెప్పు," అంది కహ్కషాన్.

జగపతి ఇల్లు ఆమె ఇంటికి రెండు సందుల అవతలే. పొద్దున కాలేజీకి వెళ్లేటప్పుడు కొన్నిసార్లు ఎదురవుతాడు. మునుపటిలాగే ఆగి, "సలాం చెల్లె," అంటాడు. ఆమె ఎదురుగా చూస్తూ నడిచిపోతుంది.