ఒక్కసారే వెళ్ళే జవాబు

విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. నేను అక్కడి కార్గో షెడ్డులో, విదేశాల నుంచి దిగే సరుకు చూసే విభాగానికి మేనేజర్ని. మందుల ముడిసరుకు, యంత్రాల భాగాలు, విత్తనాల నమూనాలు వచ్చేవి. అప్పుడప్పుడూ శవపేటికలూ వచ్చేవి. గల్ఫ్‌కు పనికి పోయి అక్కడే కన్నుమూసినవాళ్ళవి.

నా వెన్నుపూసకు ఆపరేషన్ తప్పదని తేలింది. తొమ్మిది వారాలు మంచం దిగొద్దనీ, కంప్యూటర్ జోలికి అసలే పోవద్దనీ డాక్టరు చెప్పారు. ఆపరేషన్ కంటే ఆ రెండో మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. రోజుకు నూటికి పైగా మెయిళ్ళు నా పేరున వచ్చేవి.

వారం రోజులు కూర్చుని ఒక పట్టిక రాశాను. సరుకు ఎప్పుడొస్తుందని అడిగే మెయిళ్ళు మా విభాగం ఉమ్మడి చిరునామాకు పోవాలి, దాన్ని ముగ్గురు చూస్తారు. విమాన సంస్థల మెయిళ్ళు షిఫ్ట్ సూపర్‌వైజర్ చూడాలి. సెలవులూ అనుమతులూ మా పై అధికారి చూడాలి. ఆఫీసు ఫోను, సగంలో ఉన్న పనుల జాబితా నా తర్వాతి స్థానంలో ఉన్న సహోద్యోగికి. ఆయన మైలార్‌దేవ్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చే మనిషి, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. నా మెయిల్‌పెట్టెను ఆయన తన లాగిన్‌తోనే తెరవగలిగేలా అనుమతి ఇప్పించాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలని అనుకున్నాం.

“మీ పెట్టె తెరుస్తగానీ, మీ సొంతయి ఏమన్నుంటే ముట్టుకోనక్కా,” అన్నాడు.

ఇక మిగిలింది సెలవులో ఉన్నానని తనంతట తానే వెళ్ళే జవాబు. ఆఫీసువాళ్ళకు ఒకటి, బయటివాళ్ళకు ఒకటి రాశాను. బయటిదాంట్లో ఆపరేషన్ ఊసు లేదు. ఫలానా తేదీ వరకు సెలవు, ఈ చిరునామాకు రాయండి, తొందరైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, అంతే. ఆయన అది చదివి, పేటికల సంగతి రాసేవాళ్ళకు ఇది మరీ పొడిగా ఉందన్నాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో ఒక వాక్యం చేర్చాడు. మీ మాట మాకు అందుతుంది, మేమున్నాం అని.

పరీక్షించడానికి నా సొంత మెయిల్ నుంచి రెండుసార్లు రాశాను. మొదటిదానికే జవాబు వచ్చింది. కంప్యూటర్ల విభాగం అబ్బాయిని అడిగితే, ఒక మనిషికి ఒక్కసారే పోతుందన్నాడు. ప్రతి మెయిల్‌కూ పోతే అవతలివాళ్ళకు విసుగని. నిజమేననుకున్నాను. పట్టికలో మాత్రం ఆ సంగతి రాయలేదు.

ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. హిమాయత్ సాగర్ దగ్గర మా ఇంట్లో కిటికీ పక్కన మంచం. నొప్పి మాత్రల మత్తులో మధ్యాహ్నాలు నీళ్ళలో తేలుతున్నట్టు గడిచేవి. గోడ మీద ఎండ మెల్లగా జరిగేది. సాగర్ వైపు నుంచి గాలి వస్తే తెర ఉబ్బి, మళ్ళీ నెమ్మదిగా మంచాన్ని ఆనుకునేది. దూరంగా విమానం దిగుతున్న చప్పుడు వినపడితే, కళ్ళు మూసుకునే దాని కడుపులో ఏముందో ఊహించేదాన్ని. చల్లటి మందుల డబ్బాలు, గడ్డిలో చుట్టిన గాజు సామాను, ఎవరిదో పేరు రాసిన చెక్కపెట్టె. ఆ పేరు చదవబోతుంటే నిద్ర పట్టేసేది.

నాలుగో వారంలో సహోద్యోగి ఫోన్ చేసి, పెట్టెకు ఏమీ రావడం లేదని, అందరూ ఉమ్మడి చిరునామాకు అలవాటు పడ్డారని చెప్పాడు. అయితే పొద్దున ఒక్కసారి చూస్తే చాలన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఆరో వారం, ఒక శనివారం మధ్యాహ్నం. అన్నం తిని మగతగా పడుకున్నాను. ఎవరో తలుపు తడుతున్నారనీ, నేను లేవలేకపోతున్నాననీ, ఆ మనిషి నేను విన్నాననుకుని నమ్మకంగా వెళ్ళిపోతున్నాడనీ కల వచ్చింది. మెలకువ రాగానే అర్థమైంది. మొదటి వారంలో జవాబు అందుకున్నవాళ్ళు మళ్ళీ నాకే రాస్తే వాళ్ళకు ఏ జవాబూ పోదు. తేదీ మరిచిపోయి, నేను సెలవు నుంచి వచ్చి చదివాననే అనుకుంటారు.

వెంటనే గుర్తొచ్చింది గల్ఫ్‌లోని ఒకాయన. పగలంతా లారీ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడు చనిపోయినవాళ్ళ కాగితాల కోసం తిరిగే కరీంనగర్ మనిషి. నేనెన్నడూ చూడలేదు. పేటిక విమానం ఎక్కేముందే కాగితాల నకళ్ళు నాకు పంపేవాడు. పేర్లన్నీ సరిపోయాయో లేదో చూసి, ఏ వేళకు రావాలో, ఏ గుర్తింపు కార్డు తేవాలో మేం ఇంటివాళ్ళకు చెప్పేవాళ్ళం. మొదటి వారంలో ఆయన అలవాటుగా నాకే రాసి, జవాబు చూసి ఉమ్మడి చిరునామాకు మళ్ళీ పంపాడని సహోద్యోగి అప్పుడే చెప్పాడు.

ఫోన్ చేశాను. సహోద్యోగి ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. నా పెట్టె తెరవమన్నాను.

“ఉందక్కా. పొద్దున నేను చూసినంక వచ్చింది. రేపు పొద్దుగాల విమానానికే. చనిపోయినాయనది కందుకూరు దిక్కు ఊరు. ఆయన అన్న నంబరు గిండ్లనే రాసిండు.”

“కాగితాలు?”

“అన్నీ ఉన్నయి. జర ఆగుండ్రి, పేర్లు చూస్త.” ఒక్కొక్కటీ చదివాడు. పాస్‌పోర్టులో, మరణ ధ్రువపత్రంలో, రాయబార కార్యాలయం వాళ్ళు ఇచ్చిన అనుమతిలో, దేహం చెడకుండా భద్రపరిచినట్టు ఇచ్చిన పత్రంలో ఒకటే పేరు. “సరిపోయినయి. ఇగ మీరు పండుకోండ్రి. నేను మాట్లాడ్త.”

పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. గోడ మీది ఎండ పూర్తిగా పోయాక ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. చనిపోయినతని అన్న మొదటి మోతకే ఎత్తాడట. విమానాశ్రయం నుంచి ఎవరో చెప్తారన్నారని పొద్దుటి నుంచీ ఫోను చేతిలో పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాడట. పొలానికి పోలేదు. అడిగింది ఒక్కటేనట, తమ్ముడి ముఖం చూడనిస్తారా అని.

ఆదివారం పొద్దున సహోద్యోగి చర్చికి పోకుండా షెడ్డుకు వెళ్ళాడు. చనిపోయినతని అన్న, ఊరివాళ్ళు మరో ఇద్దరు బండి తీసుకుని ముందే వచ్చారు. ఆరోగ్య అధికారి, కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూశాక ఎండ ముదరకముందే పేటిక బయటికి వచ్చింది.

సోమవారం మేమిద్దరం ఫోన్‌లోనే పట్టిక సరిచేశాం. పెట్టె మళ్ళీ రోజుకు రెండుసార్లు చూడాలి. ప్రతి సోమవారం ఆ జవాబును ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. అలా చేస్తే ఇంతకుముందు అందుకున్నవాళ్ళకు కూడా కొత్తగా పోతుందని కంప్యూటర్ల విభాగం అబ్బాయి చెప్పాడు. గల్ఫ్ ఆయనకు మాత్రం, ఇకపై ఉమ్మడి చిరునామాకే పంపమని సహోద్యోగి తన పేరుతోనే విడిగా రాశాడు. తప్పు నాదేనని నేనన్నాను. తనదీ ఉందన్నాడు.

మిగిలిన మూడు వారాల్లో నేను ఆఫీసును కలలో చూడలేదు. విమానం చప్పుడు వినిపించినా లోపల ఏముందో ఊహించాలనిపించలేదు. అక్కడ చూసేవాళ్ళున్నారు.

సెలవు అయిపోయాక నడుముకు బెల్టు కట్టుకుని మెల్లగా నడుస్తూ షెడ్డుకు వెళ్ళాను. గల్ఫ్ ఆయన మెయిల్ ఒకటి అప్పుడే వచ్చింది, ఉమ్మడి చిరునామాకు, నా సహోద్యోగి పేరున. నేను తిరిగొచ్చాను కదా, ఇక నేనే చూడాలా అని ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే కాగితాలు ముందు పెట్టుకుని, ఇంటివాళ్ళ నంబరు నొక్కుతున్నాడు. నేను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని, ఆయన మాట్లాడే తీరు వింటూ కూర్చున్నాను.