అవ్వ అడిగిన ట్రాక్టరు ఎరువు

తొలకరి పడిన చేను వాసనకు అందరూ మురిసిపోతారు. నాకు మాత్రం బాగా మాగిన స్లడ్జి వాసన కావాలి. మొహం చిట్లించకండి. మురుగునీటి మడ్డి పచ్చిగా ఉన్నప్పుడే కంపు. మాగిందంటే తడిమట్టి వాసనే. ఆ వాసన తగిలి ఎన్నేళ్లయిందో! దానితోపాటు ఒక అవ్వ కూడా గుర్తొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీ మురుగునీటి శుద్ధి ప్లాంటులో నేను కెమిస్టును. అవ్వ అక్కడ కూలి మనిషి. నల్లచెరువు దగ్గర ఆమెకు రెండెకరాల ఎర్రచేను ఉంది. కరువులో ఎద్దుల్ని, ఆవుల్ని అమ్మేసింది. పేడ లేక చేను సారం పోయింది. కాలనీ పక్కనే చెల్లెలింట్లో ఉంటూ పనికొచ్చేది.

"కూలి పెంచమని అడగను పాపా. ఒక ట్రాక్టరు ఎరువు ఇప్పించు, చాలు. చేను మల్లా లేస్తాది" అనేది రోజూ.

గాలి కొట్టి కొన్నాళ్లు మురగనిచ్చిన మడ్డిని ఇసుక పడకల మీద జానెడు మందాన పారించేవాళ్లం. నీళ్లు కొన్ని ఇసుకలోకి దిగేవి, మిగిలినవి ఎండ తాగేది. నెర్రెలు విచ్చాక అవ్వ పారతో పెళ్లలు లేపేది, ఇసుక అంటకుండా. తర్వాత కాస్త వేరుశనగ పొట్టు కలిపి కుప్ప పోసి, తడుపుతూ తిరగేసేది. కుప్ప నడుమ గడ్డపార గుచ్చి, కాసేపయ్యాక లాగి పట్టుకుని చూసేది. చెయ్యి చుర్రుమంటే "పురుగూ పుట్రా చచ్చినట్టే" అని నవ్వేది. పడకల మీద వాటంతటవే మొలిచే టమాటాలు మాత్రం తినొద్దని నేను కసిరేదాన్ని.

మడ్డి ఎండగానే, మన్నుకు చేటు చేసే క్రోమియం, నికెల్ లోహాలు ఎంతున్నాయో పరీక్షకు పంపాను. రెండూ హద్దుకు లోపలే, కానీ అంచునే. నాకు ఆత్రం. "నీ ట్రాక్టరు నీకే అవ్వా" అనేశాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

నాలుగు నెలలకు కుప్ప నల్లగా, పొడిపొడిగా తయారైంది. అవ్వ గుప్పెడు తీసి వాసన చూసి కళ్లు మూసుకుంది. సరిగ్గా ఆ వారమే, మాగిన కుప్పకు చేయించిన రెండో పరీక్ష రిపోర్టు వచ్చింది. క్రోమియం హద్దు దాటింది.

తప్పు నాదే. మడ్డి మాగేకొద్దీ కుళ్లేది కుళ్లి గాలిలో కలిసిపోతుంది, కుప్ప తగ్గుతుంది. లోహం ఎక్కడికీ పోదు. పాయసం మరిగి చిక్కబడేకొద్దీ తీపి ఎక్కినట్టు, మిగిలినదాంట్లో దాని వంతు పెరుగుతుంది. చదువుకున్నదాన్ని, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఫ్యాక్టరీలో లోహాలకు పూత పూసే షెడ్డు కడుగునీళ్లు కాలనీ కాలువలో కలుస్తున్నాయని వెతికితే తేలింది.

అవ్వకు చెబితే భగ్గుమంది. "పేడలో పుట్టి పేడలో పెరిగినాను. నా ముక్కు అబద్ధం చెప్తాదా? ఆ కాగితానికి ముక్కుండాదా?"

"ఒక్క తూరికి ఏమీ కాకపోవచ్చవ్వా. కానీ ఏటేటా వేస్తే మన్నులో చేరుతూనే ఉంటాది. మల్లా తీయలేం."

అవ్వ పార కింద పడేసి వెళ్లిపోయింది.

మూడోరోజు నెత్తిన మూటతో వచ్చింది. నా ముందు దించింది. "నువ్వు మాట ఇచ్చినావు గదా అని ఒక మూట ఎరువు ముందే తీస్కపోయినా. చేన్లో ఇంకా ఎయ్యలేదు. నువ్వు వద్దన్నావంటే వద్దు."

తిట్టి ఉంటే బాగుండేది. నా కాగితాన్ని నమ్మి, తన ముక్కును కాదనుకుని, నల్లచెరువు నుంచి బస్సులో ఆ మూట మోసుకొచ్చింది. అటుపైన పనికి రాలేదు.

ఆ షెడ్డు నీళ్లకు వేరే దారి చేయించడానికి పైవాళ్లతో రెండేళ్లు పోట్లాడాను. తర్వాత మాగిన కుప్పను చివరిదాకా ఆగి పరీక్ష చేయిస్తే అంకెలన్నీ హద్దుకు చాలా కిందనే ఉన్నాయి. మాట తీర్చుకుందామని ఆమె చెల్లెలింటికి పరిగెత్తాను. అవ్వ ధర్మవరంలో కూతురి దగ్గర ఉందన్నారు.

టిఫిన్ డబ్బా నిండా ఆ ఎరువు తీసుకుని ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ దాటేదాకా డబ్బా మూత తీసి చూసుకుంటూనే ఉన్నాను. ట్రాక్టరు ఎప్పుడు పంపాలో అడగాలని నా ఉబలాటం.

అవ్వ కూతురింటి అరుగు మీద కూర్చుని పట్టుదారం చుడుతోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. డబ్బా ఇస్తే గుప్పెడు తీసి, మునుపటిలాగే కళ్లు మూసుకుని వాసన చూసింది.

"కాగితం ఏమంటాది పాపా?"

"బాగుందంటాది అవ్వా. ట్రాక్టరు నిండా ఉండాది. నీకే."

గుప్పెట్లోది గుప్పెట్లోనే ఉంది.

"చేను పోయినేడు అమ్మేసినాం" అంది. "ఇంగ దీన్ని యాడ ఎయ్యాల పాపా?"