ఫింటాస్ నుంచి అబ్బాసియాకు, ఒక మలయాళ జోలపాట కోసం

కువైట్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నా, పాట రాయించుకోవడానికి బస్సెక్కుతానని ఎన్నడూ అనుకోలేదు. ఫింటాస్‌లో మా పై అంతస్తులో ఒక మలయాళీ జంట ఉంటారు. లిన్సి నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలే. బిజు వర్క్‌షాపులో సూపర్‌వైజరు. వాళ్ళ పాప అమ్ముకు రెండేళ్ళు. పుట్టిన మూడో నెల నుంచి ఆ పిల్లను సాకింది మన రాయచోటి వైపు మనిషి ఓబులమ్మ. అమ్ము నిద్రపోవాలంటే ఓబులమ్మ ఒళ్ళో వేసుకుని, తన ఊరి జోల పాడుతూ జోకొట్టాలి. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, ఇఖామా, ఇక పొడిగించుకోవడం లేదు. బుధవారం విమానం.

"నేను పోయినాక ఆ బిడ్డ ఎట్ల పండుకుంటాది సుజాతమ్మా? బిజు సారు నా పాట పాడబోతే ఇంగా గుక్కపట్టి ఏడ్సింది. ఆయన నోటికి తెలుగు తిరగల్యా. మలయాళం పాటలు పాడితే ఊపు వేరే, బిడ్డ లేసి కూసుంటాది" అంది ఓబులమ్మ. ఆవిడకు కావలసింది తేలిగ్గానే అర్థమైంది. ఊపు తనదే ఉండాలి, మాటలు మాత్రం తండ్రి నోటికి సులువుగా వచ్చే మలయాళం కావాలి.

నేను పనిచేసే క్లినిక్‌లో అందరూ మలయాళీలే కాబట్టి భాష వచ్చు. పైగా తెలుగు సంఘం కార్యక్రమాలకు పాటలు రాస్తానన్న గర్వం కూడా ఉంది. గురువారం సాయంత్రం కూర్చుని, రెండో అక్షరం ప్రాస కలిపి నాలుగు పాదాలు గీకేశాను. గాలికి కాట్టు, పట్టుపరుపుకు పట్టుమెత్త, పిల్లకు కుట్టి. ప్రాస గంటలా మోగింది. సరిచూపించుకోవడానికి మలయాళీలు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో అమ్మిణి చేచ్చి, అంటే అమ్మిణి అక్క, దగ్గరికి వెళ్దామనుకున్నాం. ఆవిడ దర్జీ, ఓణం పండగలకు పాటలు కడుతుందని మా క్లినిక్‌లో చెప్పారు.

శుక్రవారం పదిగంటలకు ఓబులమ్మా నేనూ బయల్దేరాం. ఫింటాస్ నుంచి నేరుగా వెళ్ళే బస్సు దొరకలేదు, మధ్యలో ఒకటి మారాం. మనిషికి మొత్తం ఆరువందల ఫిల్సు, గంటన్నర ప్రయాణం. దిగేసరికి జుమ్మా నమాజు వేళ. దుకాణం షట్టరు దించి ఉంది. పక్క హోటల్లో బియ్యప్పిండి పుట్టు, శనగలతో చేసే కడల కూర తిన్నాం. ఇద్దరికీ కలిపి దినారున్నర. ఓబులమ్మ రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపింది. వంటాయన వచ్చి "ఎందా అమ్మే, ఇష్టమాయిల్లే?" అని, నచ్చలేదా అన్నట్టు నొచ్చుకున్నాడు. "బాగుందయ్యా, నాకే గొంతు దిగల్యా" అందావిడ తెలుగులోనే. ఆయనకు అర్థమైనట్టే ఉంది, చాయకు డబ్బు తీసుకోలేదు.

ఒంటిగంటకు షట్టరు లేచింది. అమ్మిణి చేచ్చికి అరవై దగ్గర పడి ఉంటాయి, మెడలో టేపు వేలాడుతోంది. నా కాగితం పైకి చదివి, కళ్ళజోడు తీసి, "ప్రాస బాగుంది మోళే, కానీ ఇది తారాట్టు కాదు, పిల్లను లేపే పాట" అంది. తారాట్టంటే మలయాళంలో జోలపాట. నా ముఖం చిన్నబోయింది. ఆవిడ పట్టించుకోకుండా, "నీ అరచెయ్యి నోటికి ఎదురుగా పెట్టుకుని ట్ట అను" అంది. అన్నాను. అరచేతికి గాలి కొట్టింది. "ఇప్పుడు ణ్ణ, న్న అను." గొంతులో గుంయిమంది తప్ప అరచేతికి ఏమీ తగల్లేదు. "నిద్రపోబోయే పిల్ల చెవికి ట్ట, క్క, చ్చ తలుపు తట్టినట్టుంటాయి. ప్రాస వెయ్యి, కానీ ముక్కుతో పలికేవాటి మీద వెయ్యి" అంది. కాట్టు తీసేసి, అదే గాలికి తెన్నల్ అని రాసింది.

తర్వాత నన్ను వదిలేసి ఓబులమ్మకు ఒక దిండు ఇచ్చింది. "మీరు రోజూ ఎలా జోకొడతారో కొట్టండి." ఓబులమ్మ దిండును ఒళ్ళో పెట్టుకుని తన జోల పాడింది. చేచ్చి మాటలు వినలేదు, చెయ్యినే చూసింది. పాదానికి నాలుగు తట్లు. తట్టుకు నాలుగు మాత్రలు. నాలుగో తట్టులో సగం మాటే లేదు, చెయ్యి లేచే వ్యవధి. "ఆ ఖాళీలోనే పిల్ల ఊపిరి వదులుతుంది, దాన్ని మాటతో నింపకూడదు" అంది. అందుకే ప్రతి పాదమూ రారారో అని ముగించి, చివరి ఓకారాన్ని సాగదీసి ఆపింది. బట్ట కత్తిరించినట్టు అక్షరాలు కొలిచి, గంటన్నరలో ఇది కట్టింది:

ఉణ్ణీ కణ్ణే రారారో
విణ్ణిల్ తింగళ్ రారారో
తెన్నల్ వన్నూ రారారో
నిన్నె తలోడాన్ రారారో
మఞ్ఞుమురఙ్ఙీ రారారో
కుఞ్ఞుమురఙ్ఙీ రారారో

చిన్నారీ కన్నా, ఆకాశంలో చందమామ, గాలి వచ్చింది నిన్ను నిమరడానికి, మంచూ నిద్రపోయింది, పాపా నిద్రపోయింది. అంతే పాట. ఙ, ఞ అక్షరాలను మనం చిన్నప్పుడు పలక మీద దిద్ది వదిలేశాం. మలయాళంలో అవి ఇంకా కాపురం చేస్తున్నాయి. "పాప ఇంకా పడుకోలేదు కదా, పడుకుందని ఎలా అంటాం?" అని అడిగాను. "పడుకో అంటే ఏ పిల్లా వినదు. పడుకుందని చెబితే నమ్ముతుంది" అంది చేచ్చి.

చివర్లో ఆవిడే అడిగింది, ఓబులమ్మ పేరుతో ఒక పాదం వెయ్యనా, ఓబులమ్మ వస్తుందని, పిల్లకు గుర్తుంటుంది కదా అని. నాకు బాగా నచ్చింది. ఓబులమ్మ మాత్రం గట్టిగా తల అడ్డంగా ఊపింది. "వద్దు తల్లీ. దినామూ వస్తాదని పాడితే ఆ బిడ్డ వాకిలి సూస్తా కూసుంటాది. నేనేమో రాను. ఇంగెట్ల పండుకుంటాది?" నేను ఆ మాట చేచ్చికి మలయాళంలో చెప్పాను. ఆవిడ కాగితం మడిచి ఇచ్చింది, మజూరీ ఎంత అంటే వద్దని చేతులు జోడించింది.

తిరుగు ప్రయాణం టాక్సీలో, నాలుగున్నర దినార్లు. డ్రైవరు జగిత్యాల అతను. ఓబులమ్మ పాట వల్లె వేస్తుంటే విని, "గిది మన బాస కాదు గదా పెద్దమ్మా, కని నిద్రొస్తుంది" అన్నాడు. "నిద్రపోబాక నాయనా, బండి సూసి తోలు" అందావిడ. ఆ రోజంతా నేను నవ్వింది అక్కడే.

సాయంత్రం ఏడింటికి ఓబులమ్మ బిజును కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని తట్టు నేర్పింది. తర్వాత బయటికి వచ్చి తలుపు వేసింది. తను ఎదురుగా ఉంటే పాప ఆయన దగ్గర పడుకోదు కాబట్టి మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. బిజు అక్షరానికో తట్టు కొట్టేస్తున్నాడు, తలుపు ఇవతలికి వినిపిస్తోంది. పాప ఏడుపు లంకించుకుంది. ఓబులమ్మ లేవబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆవిడ తన తొడ మీదే మెల్లిగా తట్టుకోవడం మొదలుపెట్టింది, నాలుగు, మళ్ళీ నాలుగు. లోపల బిజు ఆగి, గొంతు తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి రారారో తర్వాత ఖాళీ వచ్చింది. ఏడుపు వెక్కిళ్ళయింది. అయిదోసారికి పాట ఒక్కటే వినిపించింది, తర్వాత అదీ లేదు.

"పండుకునింది" అంది ఓబులమ్మ. తలుపు వైపే చూస్తూ అడిగింది, "సుజాతమ్మా, నీ చెవులు మంచియి గదా. నడాన నన్నేమన్నా పిలిసిందా?"

"లేదక్కా."

"మంచిదే" అని కొంగుతో ముఖమంతా కప్పుకుంది.

పాటలో ప్రాస నా కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను, నలుగురూ భేష్ అనాలని. జోలపాట కట్టినవాళ్ళు అందులో కనిపించకూడదని ఆ మెట్ల మీద తెలిసింది, తెలిసినందుకు ఏడుపూ వచ్చింది. బుధవారం ఓబులమ్మ వెళ్ళిపోయింది. అమ్ము ఇప్పుడు వాళ్ళ నాన్న దగ్గర పడుకుంటోంది. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద అబ్బాసియా వెళ్తే, శుక్రవారం ఒంటిగంట దాటాక చేరుకోండి, అంతకుముందు షట్టర్లు లేవవు. కాగితం మరిచిపోయినా ఫరవాలేదు, ఆ పిల్లను రోజూ జోకొట్టే మనిషిని మాత్రం వెంట తీసుకెళ్ళండి.