తొమ్మిదో పొట్లంలో ఇరిడియం

గద్వాలలో మా ఇంట్లో జరీ లేని చోటంటూ లేదు. మగ్గం గుంతలో, దండెం మీది బట్టల్లో, అమ్మ కొప్పులో, ఎక్కడ చూసినా మెరిసే నలుసులే. ఒక్కోసారి అన్నంలో కూడా పోగు తగిలేది. నాన్న దాన్ని కంచం అంచున పెట్టి, "ఇయ్యాల బంగారం తిన్నం" అనేవాడు. అలాంటి ఇంటికి, బంగారం గాలి కూడా తగలకూడని మూట పట్టుకొని నేను ఒక దసరా సెలవుల్లో బయలుదేరాను.

ఎనభైల చివరి మాట. హైదరాబాదులో భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మేఘాలయ కొండల్లో ఒక వాగు ఒడ్డు నుంచి తెచ్చిన రాళ్లు ఆ మూటలో ఉన్నాయి. ఇరవై పొట్లాలు, అడుగు పొర నుంచి పై పొర దాకా వరుసగా అంకెలు వేసినవి. పదహారో పొట్లంలో రాయి లేదు. తుప్పు రంగు బంకమన్ను ఉంది. వాగు ఒడ్డున ఆ మన్ను పొర రెండు వేళ్ల మందం కూడా లేదు. నా చదువంతా ఆ రెండు వేళ్ల మీదే నిలబడి ఉంది.

బస్సులో పెబ్బేరు సంతకు పోయే పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. చేతిలో కొత్త పలుపుతాళ్లు. మూటను తట్టి చూసి, "ఇత్తనాలా బిడ్డా?" అన్నాడు.

"కాదు, మన్ను."

"గద్వాలల మన్ను దొర్కలేదని హైదరాబాదుల కొనుక్కొస్తున్నవా?"

నాకు ముక్కు మీదే కోపం. మూటను ఒళ్లోకి లాక్కొని కిటికీ వైపు తిరిగాను.

ఆయనకు చెప్పాల్సిన జవాబు నిజానికి ఇది. భూమి కరిగిన ముద్దగా ఉన్న రోజుల్లోనే ఇరిడియం అనే లోహం ఇనుముతోపాటు లోపలికి దిగిపోయింది. మనం నడిచే రాళ్లలో అది ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆకాశం నుంచి పడే రాళ్లలో మాత్రం అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆరున్నర కోట్ల ఏళ్ల కింద అలాంటి రాయి ఒకటి, ఒక పట్నాన్ని మింగేంతది, భూమిని గుద్దిందనీ, ఆ దుమ్ము లోకమంతా పరుచుకొని ఒక పలచని మన్ను పొరగా మిగిలిందనీ అప్పట్లో గట్టిగా వాదన జరుగుతోంది. మన్నులో ఇరిడియం ఒక్కటే ఉంటే చాలదు, శిలాజాలు కూడా అక్కడే మారాలి. మన్ను కింది రాళ్లలో సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు రవ్వ గింజంత పెద్దవి, చెక్కిన నగల్లాంటివి. మన్ను దాటగానే వాటిలో దాదాపు అన్నీ ఒక్కసారిగా మాయం. పైన కనిపించేవి పిండి నలుసుల్లాంటి బుడ్డ గుల్లలు, అవీ నాలుగైదు రకాలే.

గుల్లలు లెక్కపెట్టడానికి ప్రతి రాయిలో సగం డిపార్ట్‌మెంటులోనే ఉంచాను. రెండో సగంలో కొంత దాచి, కొంత మెత్తగా నూరి, ఇరిడియం కొలవడానికి బొంబాయికి పంపాలి. మా డిపార్ట్‌మెంటు నూరే గదిలో లోకంలోని ఖనిజాలన్నీ నూరుతారు. "ఆ దుమ్ము ఒక్క రేణువు పడ్డా నీ మూడేళ్ల పని నాశనం. శుభ్రమైన చోట, చేతికి ఏ నగా లేకుండా నూరుకో, నగల అతుకుల్లో కూడా ఇరిడియం ఉండొచ్చు" అని మా గైడు అకీకు అనే గట్టి రాతితో చేసిన కల్వం ఒకటి చేతిలో పెట్టాడు. ఫెలోషిప్పు ఇంకో ఏడాదే ఉంది. ఈ ఫలితం తేడా వస్తే నేను పట్టా లేకుండా మగ్గం గుంతలోకి దిగాల్సిందే.

ఇంటికి రాగానే ఉంగరం, చెవి కమ్మలు, గాజులు అన్నీ తీసి గూట్లో పెట్టాను. అమ్మ చూసి గుండె బాదుకుంది.

"పండగ పూట బోసి చేతులేందే? సూసినోళ్లు ఏమనుకుంటరు?"

"రాయి నూరాలమ్మా."

"రాయి నూరనీకె గాజులెందుకు ఇప్పాలె? నేను పసుపు నూరుతలేనా?"

అమ్మకు చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు. పైగా ఇంట్లో జరీ. అందుకని కల్వం, పొట్లాలు తీసుకొని పక్కింటి ఉర్దూ సార్ అరుగు మీదికి మకాం మార్చాను. ఆయన బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి రుక్కాలు, అంటే శుభలేఖలు, చేత్తో రాసేవాడు. ఆయన అరుగు మీద పాలు పారబోసి ఎత్తుకోవచ్చు, అంత శుభ్రం. నేను అడగకముందే తన వెండి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. కల్వం చూసి మాత్రం కళ్లు పెద్దవి చేశాడు.

"అరె బేటీ, గిది అకీకు! నా ఉంగరంల రాయి గిదే. గింత పెద్దది నా జిందగీల సూడలే."

నాలుగు రోజులు నూరాను. ఇరిడియం తక్కువ ఉంటుందనుకున్న రాళ్లు ముందు, అంకెల వరుసలో; మన్ను చివర. పొట్లానికి పొట్లానికి మధ్య తెల్ల ఇసుక నూరి కల్వం తుడిచాను. ఉర్దూ సార్ విసనకర్రతో ఈగలు తోలుతూ, "ఎన్ని జానవర్లు సచ్చినయో గిండ్ల?" అని అడుగుతూ కూర్చునేవాడు.

రెండు నెలలకు బొంబాయి నుంచి కాగితం వచ్చింది. పదహారో పొట్లంలో ఇరిడియం ఎత్తుగా లేచింది. బాగానే ఉంది. కానీ తొమ్మిదో పొట్లంలో దానికి పదింతలు! పదిలో కొంచెం తగ్గి, పదకొండులో ఇంకా తగ్గి, పన్నెండుకు మామూలైంది. తొమ్మిది అంటే మన్నుకు మనిషెత్తు కింద.

మా గైడు ఆనందంతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రెండో రాయి! ముందే ఒకటి పడింది! చూడు, దుమ్ము నెమ్మదిగా ఎలా తగ్గిందో" అని క్యాంటీన్లో అందరికీ మిర్చిబజ్జీలు పెట్టించాడు. ఆ సాయంత్రానికే వ్యాసానికి పేరు కూడా పెట్టేశాడు. నేనూ రెండు బజ్జీలు తిన్నాను. అబద్ధమెందుకు, పత్రికలో నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ఎనిమిదో రాయిలో చెక్కిన నగల్లాంటి గుల్లలు. తొమ్మిదిలో అవే. పదిలో అవే, రకానికి రకం, ఒక్కటీ తగ్గలేదు. పదహారో పొట్లంలో మన్నుగా మిగిలిన దుమ్ము అంత ప్రళయం చేస్తే, దానికి పదింతల దుమ్ము తెచ్చిన రాయి ఈ జీవుల వెంట్రుక కూడా కదపలేదా? వారం రోజులు లెక్కపెట్టాను, కళ్లు వాచాయి. అప్పుడు ఇంకోటి తట్టింది: తొమ్మిది, పది, పదకొండు... నేను నూరిన వరుస కూడా అదే. అది పొరల్లో తగ్గడం కాదు, కల్వంలో తగ్గడం.

కొత్త కల్వం తెచ్చి దాచిన ముక్కలు నూరి పంపాను. తొమ్మిదిలో ఇరిడియం మాయం, పదహారులో ఉన్నది ఉన్నట్టే ఉంది. మా గైడు ఒప్పుకుంటేనా! "ఇరిడియం రేణువులుగా ఉంటుంది. ఒక ముక్కలో పడుతుంది, ఇంకో ముక్కలో పడదు. ఎక్కడి నుంచి వచ్చిందో చూపించు, లేదా వ్యాసం పంపుతాను" అన్నాడు. మనిషి మొండివాడే కానీ మాటలో న్యాయం ఉంది. బొంబాయి కాగితంలోనే ఒక ఆధారం ఉంది. ఆకాశం రాళ్లలో ఇరిడియం, దాని తోబుట్టువు ఆస్మియం దాదాపు సరిసమానం. మన తొమ్మిదిలో ఆస్మియం చాలా ఎక్కువ. అంటే అది ఆకాశం నుంచి పడింది కాదు, నేను నూరిన చోటే కల్వంలో చేరింది.

గద్వాల బస్సెక్కాను. ఇంటికి కూడా పోకుండా నేరుగా ఉర్దూ సార్ అరుగు మీదికి పోయి దొంగను పట్టుకున్నట్టు అడిగాను. నేను లేనప్పుడు కల్వాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?

ఆయన ముఖం వెలిగిపోయింది.

"నువ్వు బువ్వ తిననీకె పోయినవు సూడు, అప్పుడు జర నా కలం పాళీ రుద్దిన దాంట్ల. అకీకు మీద రుద్దితే పాళీ మఖ్మల్ లెక్క మెత్తగ అయితది, మా ఉస్తాద్ చెప్పెటోడు. ఆ దినం నుంచి నా కలం ఎట్ల నడుస్తున్నదో సూస్తవా?"

ఆ కలం వనపర్తిలో ఖత్, అంటే అందమైన చేతిరాత, నేర్చుకునే రోజుల్లో ఉస్తాదు ఇచ్చిన పాత విలాయతీ కలం. పాళీ కొన అరగకుండా అతికించే మెరిసే గింజ ఇరిడియం, ఆస్మియం కలిపిన లోహం. జరీకి భయపడి ఇల్లు వదిలిన నేను, నేరుగా ఇరిడియం ఇంట్లోకి పోయి కూర్చున్నానన్న మాట. మా జరీలో ఉన్నది వెండి, కాస్త బంగారం. అది నన్నేమీ చేసేది కాదు.

నాకు ఏడుపు, నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికి వచ్చింది. ఏమేమి అన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గు. ఆయన అంతా విని, మెల్లగా, "నా వల్ల నీ సదువు ఖరాబైందా బేటీ?" అని అడిగాడు. అప్పుడు ఏడ్చాను.

ఏం చెయ్యాలో చెప్పాను. శుభ్రమైన తెల్ల ఇసుక మీద, కొత్త కల్వంలో, ఆ పాళీని ఒక్కసారి తాకించాలి. దాన్ని బొంబాయికి పంపితే ఆస్మియం, ఇరిడియం లెక్క తొమ్మిదో పొట్లం లెక్కతో కలవాలి. "ఒక్కసారి సార్, కంటికి కనిపించనంత చాలు" అన్నాను. ఆయన కలం తీసుకొని, అరుగు మీద బాసిపట్టు వేసుకొని, రుద్దడం మొదలుపెట్టాడు.

"చాలు సార్."

"తక్కువ పడితే నువ్వు మళ్ల పరేషాన్ అయితవు."

"సార్, చాలు!"

మెరిసే గింజ పూర్తిగా పోయేదాకా ఆయన ఆగలేదు.

లెక్క కలిసింది. మా గైడు ఆ కాగితాన్ని అద్దాలు పెట్టుకొని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు. రెండో రాయి వ్యాసాన్ని తన చేత్తోనే చించి, "బజ్జీల సంగతి ఎవరూ అడక్కపోతే బాగుండు" అన్నాడు. మన్ను పొర మీద నా థీసిస్ నిలబడింది, ఆ ఏడాదే పట్టా వచ్చింది.

ఉర్దూ సార్‌కు కొత్త కలం కొనిచ్చాను. చాలా బాగుందని జేబుకు పెట్టుకున్నాడు. ముందు నుంచీ అమ్మానాన్నలు చెబుతుంటే నాకు ఉత్తరాలు రాసేది ఆయనే. ఆ ఉత్తరాలన్నీ ఒక చీర అంచు ముక్కతో కట్టి దాచుకున్నాను, పాతవి అడుగున, కొత్తవి పైన. మొన్న ఇల్లు సర్దుతూ విప్పాను. అడుగున ఏళ్ల తరబడి ఉర్దూ రాతకు ఏటవాలుగా కోసిన పాళీతో రాసిన తెలుగు, అడ్డగీత లావు, నిలువుగీత సన్నం. పైన అంతా బాల్‌పెన్ను, అన్ని గీతలూ ఒకటే మందం. ఎక్కడ మారిందో ఎవరికి చూపించినా వేలు పెట్టి చెబుతారు. ఆ రెంటికీ మధ్య, గింజ పోయిన ఆ పాత కలంతో రాసిన ఒకే ఒక్క ఉత్తరం ఉంది. కాగితం గీసుకుపోయి, మూడు చోట్ల చిరిగి, సిరా మరకలతో నిండి ఉంది. అందులో ఆఖరి వరుస: "కలం మంచిగనే రాస్తున్నది బేటీ, ఫికర్ చెయ్యకు."