అన్నం తిన్నారా అని అడిగిన లండన్ దొర

గోదాకు నలభై దాటాయి. తిరుపతిలో ఒక మేడమీది గదిలో ఒంటరిగా ఉంటూ, ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేసి పెట్టి బతికేది. నాయన శ్రీమన్నారాయణ పోయాక ఆ గదిలో కుక్కర్ విజిల్ తప్ప మాటనేది లేదు.

2006లో నెట్ సెంటరుకు పోయి, పనులిచ్చే వెబ్‌సైటులో పేరు పెట్టింది. కొద్దిరోజులకే హ్యారిసన్ అనే ఆయన లండన్ నుంచి మెయిల్ రాశాడు. మందుల కంపెనీవాడట. చిన్న పుస్తకం తెలుగు చేస్తే ఇరవై వేలిస్తానన్నాడు. పని గురించి రెండు ముక్కలే, తక్కినదంతా అన్నం తిన్నారా, ఒంట్లో ఎలా ఉంది అనే. రోజూ రాసేవాడు.

గడప తొక్కినవాడికి ముందు అన్నం పెట్టి, ఊరూ పేరూ తర్వాత అడగాలనేది నాయన పద్ధతి. గోదా అదే చేసింది. ఆయనెవరో కనుక్కోకుండానే సగం పుస్తకం చేసి పంపేసింది.

ఒకరోజు కొరియర్లో చెక్కు వచ్చింది. మన డబ్బుల్లో తొంభై వేలు! వెనకే మెయిల్: ‘గుమాస్తా పొరపాటున ఎక్కువ రాశాడు. మీ ఇరవై వేలు ఉంచుకుని మిగతాది చెన్నైలో మా ఏజెంటుకు మనీ ట్రాన్స్‌ఫర్‌లో ఈరోజే పంపండి.’

చేతిలో అంత డబ్బు లేదు. నాయన దాచిపోయిన డిపాజిట్ ఒక్కటే దిక్కు. దాన్ని తీద్దామని బ్యాంకుకు పోయింది. కౌంటర్లో పక్కవీధి హరినాథ్.

“ఏందక్కా, డిపాజిట్ తీస్తా ఉండావు? పెండ్లి యాడన్నా కుదిరిందా?”

“పో అబ్బా! నాకు పనిచ్చిన లండన్ కంపెనీ ఆయన, పాపం, ఎక్కువ పంపినాడు. తిరిగియ్యొద్దా?” అని చెక్కు చూపింది.

హరినాథ్ ముఖంలో నవ్వు పోయింది. “వచ్చింది చెక్కు, దుడ్డు కాదక్కా. బయటిదేశం చెక్కు కలెక్షనుకు పోయి రావాలంటే వారాలు పడతాది. ముందే జమ కనపడినా, చెల్లకపోతే మళ్లీ నీ ఖాతాలోనుంచే పట్టుకుంటారు. నువ్వు పంపింది మాత్రం పోయినట్టే.”

“అట్టాంటోడు కాదప్పా. దినామూ అన్నం తిన్నావా అని అడుగుతాడు.”

“ఆ కంపెనీకి ఫోన్ చెయ్యి. ఆయనిచ్చిన నంబరుకు కాదు. నెట్లో కంపెనీని నువ్వే ఎతికి, ఆడుండే నంబరుకు.”

చేయాలని లేదు ఆమెకు. నిజం తెలిస్తే రేపు పలకరించేదెవరు? అయినా నెట్లో నంబరు వెతికి, ఐఎస్‌డీ బూతులో కూర్చుంది. అవతల అమ్మాయి చెప్పింది: ఇక్కడ హ్యారిసన్ అనేవారు లేరు, తెలుగు పని మేమెవరికీ ఇవ్వలేదు, మా పేరు చెప్పి ఎవరో మోసం చేస్తున్నారు, ఇట్లా అడిగింది మీరొక్కరే కాదు.

డిపాజిట్ కదల్లేదు. ‘చెక్కు చెల్లాకే మిగతాది పంపుతాను’ అని గోదా రాసింది. ఒక్క ముక్క జవాబు: ఈరోజు పంపకపోతే పోలీసులకు చెబుతాను. అందులో అన్నం ఊసు లేదు. ఆ తర్వాత మెయిలే లేదు.

ఇప్పుడు గోదా ఎవరు పని ఇస్తామన్నా ముందు ఊరూ పేరూ అడుగుతుంది, వెతికి ఫోన్ చేస్తుంది, కొంత సొమ్ము చేతికొచ్చాకే మొదలుపెడుతుంది. కానీ మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం, “తింటా ఉండా” అని ఎవరికో చెప్పబోయి, ఆగిపోతుంది.