దాహానికి నేనిచ్చిన మందు

ఎండాకాలంలో బాయిలరు దగ్గర పనిచేసే మాకు కరెంటు ప్లాంటులో గ్లూకోజు పొట్లాలు ఇచ్చేవారు. నేను వాటిని జేబులో వేసుకుని రాయచూరు దగ్గర చిక్కసూగూరులోని మా ఇంటికి తెచ్చేవాణ్ణి. ఏడేళ్ల మా అమ్మాయికి అవంటే ప్రాణం.

ఆ వేసవిలో పిల్లకు దాహం మితిమీరింది. చెంబు దింపేది, మళ్లీ ఎత్తేది. మాటిమాటికీ ఒంటేలుకు పరుగెత్తేది. రాయచూరు ఎండకు దాహం వేయనిదెవరికని నేను కొట్టిపారేశాను. పైగా రోజుకు ఒక పొట్లం నీళ్లలో కలిపిచ్చేవాణ్ణి కాస్తా మూడు కలిపాను. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ తడిపితే, "గింత పెద్దగైనవ్, సిగ్గు లేదా?" అని కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మా ఆవిడ పిల్ల లంగా బొందు చూపించింది. "పోయిన నెల ముడి యాడుండె, ఇప్పుడు యాడికొచ్చిందో చూడు. అన్నం ఎప్పటికన్న ఎక్కువనే తింటున్నది. ఏందిది?"

"ఎండకు వాడింది తియ్" అన్నాను. తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపునొప్పి అంది. కూర్చున్నచోటే రొప్పుతోంది. వడదెబ్బ అనుకుని ఇంకో పొట్లం తాగించి, ఊళ్లో టీకాలు వేసే సిస్టరమ్మ దగ్గరికి ఎత్తుకెళ్లాను. ఒక సెలైను ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను.

ఆమె సెలైను మాటే ఎత్తలేదు. "దాహం ఎన్ని దినాల సంది? ఒంటేలుకు మస్తు పోతున్నదా? సన్నగైందా?" అని అడిగింది. పిల్ల చేయి కడిగి తుడిచి, వేలు పొడిచి, నెత్తుటి బొట్టును చక్కెర చూసే మిషను పట్టీకి తాకించింది. మిషను అంకె చూపలేదు, 'హై' అని మాత్రం చూపింది.

"మిషనుకు అందనంత చక్కెరుంది నెత్తుట్ల. ఏం తాపినవన్నా?"

చెప్పాను.

"ఈ బీమారి నీ పొట్లంతోని రాలే. కాని ఇంక తీపి బంద్. రేపు చూద్దామనకు, ఇప్పుడే పెద్ద దవాఖానకు పో. నేను ఫోన్ చేసి చెప్తా."

ఆటోలో పిల్ల నా ఒళ్లో వాలిపోయింది. పిలిస్తే కళ్లు తెరిచి మూసేస్తోంది. ఊపిరిలో మాగిన పండు వాసన. రైల్వే గేటు పడితే దిగి గేట్‌మన్ మీద అరిచాను, పాపం అతనేం చేస్తాడు!

దవాఖానలో వెంటనే సెలైను, ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇది పిల్లలకూ వచ్చే షుగరు జబ్బని, ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. చక్కెర నెత్తుట్లోనే పేరుకుని, మూత్రంతోపాటు నీళ్లను లాక్కుపోతోందట. అందుకే ఆ దాహం. తిన్నది అక్కరకు రాక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటోందట, దాంతో నెత్తురు ఆమ్లంలా పులుపెక్కిపోతోందట. "ఇంకో పూట ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదు" అన్నారు.

ఇక జీవితాంతం రోజూ ఇన్సులిన్ సూదులే. ఆ సంగతి మింగుడుపడటానికి నాకు చాలాకాలం పట్టింది.

మూడోరోజు పొద్దున పిల్ల తేరుకుని కళ్లు తెరిచింది. ముందుగా చేత్తో తన కింద దుప్పటి తడిమి చూసుకుంది.

"నాయినా, ఇయ్యాల తడపలే" అంది.